మోట బాయి మాట భాయ్ అయిన రోజు

మా పెద్దనాయనది చేవెళ్ల దగ్గర పల్లె. ఎనభై దాటినయి. వేళ్లు వణికి టైపు కొట్టరాదు కాబట్టి ఫోనులో మైకు గుర్తు నొక్కి మాట్లాడుతడు, అదే రాసుకుంటది. రాసింది చూసి దిద్దేంత చూపు ఆయనకు లేదు. ఒక సాయంత్రం ఇట్లా పంపిండు:

«నేను పోయిన మరి కాడికి పోయిన నాలుగు లేవు మాట భాయ్ పూడ్చి ఇండ్లు గిరాకీ తెచ్చిన ఇంట్లో ఉంది నువ్వు రాలే ఆనంద్ పడితే రాకు బిడ్డ»

కామా లేదు, చుక్క లేదు. ఇసొంటిది కళ్లతో చదివితే పట్టుబడదు, ఆయన యాసలో పైకి చదవాలె. మా దిక్కు ‘నేను పోయిన’ అంటే అక్కడికి వాక్యం అయిపోయినట్టే. ‘పోయిన వారం’లోని పోయిన వేరు. అది తెలిస్తే ఎక్కడ ఆగాలో తెలుస్తది: నేను పోయిన. మరి కాడికి పోయిన. నాలుగు లేవు.

‘మరి కాడికి’ ఎవరూ పోరు. మర్రి కాడికి పోతరు. హైదరాబాద్–బీజాపూర్ రోడ్డు వెంబడి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా రెండు పక్కలా నిలిచిన మర్రిచెట్లు తెలియనోళ్లు ఇక్కడ లేరు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా రోడ్డు వెడల్పు చేసే పనిలో సుమారు 900 మర్రుల సంగతి జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. పెద్దనాయన చిన్నప్పుడు చేవెళ్ల సంతకు నడిచి పోతూ వాటి కిందనే సద్ది విప్పేటోడు.

‘ఆనంద్’ ఇంకా సులువు. మా ఇంట్ల ఆ పేరు ఎవరికీ లేదు. సందర్భం లేని మనిషి పేరు తగిలితే ఫోను ఏదో మాటను పేరు చేసిందని అనుమానించాలె. ఆన పడితే రాకు అన్నడు. మా దిక్కు వానను ఆన అంటం.

అర్థం కాని చోట మనమే ఆగి ఆలోచిస్తం. మోసం చేసేది అర్థమయ్యే చోటు. ‘పూడ్చి ఇండ్లు గిరాకీ’ అన్నది చూస్తే ఎవరికైనా భూముల ముచ్చటే తోస్తది. జంట జలాశయాల కోసం 1996లో పెట్టిన 111 జీవో ఆంక్షలను 2022లో ఎత్తేస్తున్నట్టు సర్కారు జీవో ఇచ్చినంక, ఈ మండలాల్ల ప్లాట్ల మాట తప్ప ఇంకోటి వినబడదు. బాయి పూడ్చి ఇండ్లు కట్టిండ్రు, మంచి గిరాకీ ఉంది అని చదువుకోవచ్చు. వాక్యం చక్కగా కుదురుతది. కాని ‘గిరాకీ తెచ్చిన ఇంట్లో ఉంది’ దగ్గర అడ్డం తిరుగుతది. గిరాకీని ఇంటికి తెచ్చి పెట్టుకునేది లేదు. తెచ్చింది గిరక. అప్పుడు ‘మాట భాయ్’ మోట బాయి అయితది, ‘పూడ్చి ఇండ్లు’ పూడ్చిండ్రు అయితది.

మోట కొట్టేది చూసినోళ్లకే ఈ లంకె దొరుకుతది. బాయి ఒడ్డున కర్రల నడుమ పెద్ద గిరక, దాని మీద మోకు, మోకు చివర తోలు బొక్కెన. బొక్కెన అడుగున తొండం, దానికి వేరే సన్నతాడు. ఎడ్లు పల్లానికి దిగుతుంటే బొక్కెన పైకి వస్తది. సన్నతాడు తొండాన్ని తొట్టి మీదికి గుంజుతది, నీళ్లు దానంతట అవే పడతయి. ఎడ్లను వెనుకకు నడిపిస్తే బొక్కెన మళ్లీ దిగుతది. కరెంటు మోటార్లు వచ్చినంక తోలు ఎండి చిరిగింది, మోకు చివికింది. గట్టి కట్టెతో చేసింది కాబట్టి గిరక ఒక్కటి మిగిలింది.

ఇప్పుడు వాడుకలో లేని మాటను ఫోను పోల్చుకోలేదు. దానికి దగ్గరి సప్పుడున్న మాట, జనం రోజూ అనేది తెచ్చి పెడతది. అందుకే మోట మాట అయింది, గిరక గిరాకీ అయింది. పాతకాలపు ముచ్చట చెప్పేటప్పుడే ఈ తప్పులు ఎక్కువ. ఆయన కూరగాయల ధర చెప్తే మాత్రం తప్పు లేకుండ వస్తది.

ఇంకోటి ఉంది. పెద్దనాయన యాదికి తెచ్చుకుంటూ ఆగుతడు. కాసేపు సప్పుడు లేకుంటే మైకు బందైతది. ఆయనకు తెలియదు, మాట్లాడుతనే ఉంటడు. మళ్లీ మైకు నొక్కేదాక అన్నదంతా పోతది. కాబట్టి తెగిన చోట ఆయన మాట అయిపోయిందని అనుకోరాదు. ‘నాలుగు లేవు’ తర్వాత ఏవి అనేది ఉండాలె.

ఫోను చేసి మొత్తం మళ్లీ చెప్పమంటే విసుక్కుంటడు. ఒక్కొక్క అనుమానమే అడగాలె, జవాబు మన నోటితోని అందియ్యరాదు. “గిరకనా?” అంటే దేనికైనా ఊ అంటడు. “ఏం తెచ్చినవ్ పెద్దనాయనా?” అన్న.

“గిర్క బిడ్డా. మన మోట బాయిది. బాయి పూడ్చిండ్రు గదా, మట్టిల పోతదని ఎత్తుకొచ్చిన.”

“ఇండ్లు కట్టిండ్రా?”

“ఇండ్లెక్కడియి! ఉత్త మట్టి పోసిండ్రు.”

నాలుగు మర్రులు ఏవో కూడా చెప్పిండు. సంతకు పోతూ ఆయన ఆగేటివే అవి.

వచ్చిన మెసేజీని దిద్దకుండ అట్లనే ఉంచి, కింద ఆయన చెప్పిన తీరు రాసి తారీకు వేస్త. నేను ఊహించినదాని పక్కన ప్రశ్న గుర్తు, ఆయనను అడిగి తేల్చుకున్నదాని పక్కన ఆయన పేరు. రేపు మా పిల్లలు చదివితే ఏది పెద్దనాయన మాటో, ఏది నా ఊహో వేరుగా తెలియాలె.