ఉత్తుత్తి లాభం

రాత్రి పదకొండు దాటింది. రాయదుర్గం మెట్రో స్టేషన్‌కి కాస్త అవతల, సర్వీసు రోడ్డు పక్కన వ్యాను వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. లోపల చిన్న బల్ల మీద స్ప్లైసింగ్ మెషీన్. తవ్వకాల్లో కేబుల్ తెగింది. అక్కణ్నుంచి కోకాపేట వైపు వేరే కంపెనీ కేబుల్ కొత్తగా వేసి, పాతదానికి అతుకుతున్నారు.

టెక్నీషియన్ల కోసం నేను తెలుగు చేసిన మార్గదర్శిక చిత్తుప్రతి పెద్ద టెక్నీషియన్ చేతికిచ్చాను. మొదటి పేజీలోనే ఆగాడు. ‘‘క్షీణత అంటే ఏదో రోగమొచ్చినట్టుంది సార్. మేం లాస్ అనే అంటం.’’

అన్నిటినీ లాస్ అంటే చిక్కే. ఫైబర్ పొడవునా కాంతి కొద్దికొద్దిగా తగ్గడం ఒకటి: 1550 నానోమీటర్ల దగ్గర కిలోమీటరుకి సుమారు 0.2 డీబీ. అతుకు దగ్గరా, కనెక్టర్ దగ్గరా ఒక్కసారిగా పడేది వేరు. మొదటిది కంసాలి లెక్కలో తరుగు లాంటిది, పొడవుతోపాటు పెరుగుతుంది. అందుకే దానికి ‘తరుగు’ అని రాసి, మిగతా రెంటినీ జాయింట్ లాస్, కనెక్టర్ లాస్‌గానే ఉంచేశాను. అతను తలూపాడు.

ఈలోగా కుర్రాడు ఫైబర్ పైపూత ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, కొన తిన్నగా తెగ్గొట్టి మెషీన్‌లో పెట్టాడు. చిటుక్కున మెరుపు. తెర మీద 0.02. అది కెమెరా బొమ్మను బట్టి మెషీన్ వేసిన అంచనా మాత్రమే. అసలు పరీక్ష ఓటీడీఆర్‌ది.

పాత కేబుల్ చివర దాన్ని తగిలిస్తే అతుకు దగ్గర గీత దిగాల్సింది పోయి పైకి లేచింది. తెర మీద -0.12. నా చిత్తుప్రతిలో దీనికి ‘లాభం’ అని ఉంది.

‘‘లాభమని రాస్తే మా పోరగాళ్లు సంబరపడ్తరు,’’ అన్నాడు పెద్దాయన. ‘‘అతుకులో వెలుగు యాడికెళ్లి పెరుగుతది సార్?’’

నిజమే. ఓటీడీఆర్ ముందుకు వెళ్లే కాంతిని కొలవదు, ఫైబర్ లోంచి వెనక్కి చెదిరి వచ్చే కాంతిని కొలుస్తుంది. కొత్త ఫైబర్ పాతదానికన్నా ఎక్కువ కాంతిని వెనక్కి చెదరగొడితే గీత లేస్తుంది. అటు చివర నుంచి చూస్తే అదే తేడా నష్టంలో కలిసి, లేనంత పెద్దదిగా కనిపిస్తుంది.

కోకాపేట నుంచి ఫోనొచ్చింది. ‘‘అన్నా, గీడ 0.28 చూపిస్తుంది. 0.1 దాటింది. కోసి మళ్లా ఎయ్యాల్నా?’’

పెద్దాయన జేబులోంచి పెన్ను తీసి నా కాగితం అంచునే లెక్క వేశాడు. 0.28 లోంచి 0.12 తీసేస్తే 0.16. అందులో సగం 0.08.

‘‘వద్దురా, జాయింట్ మంచిగనే ఉంది,’’ అని ఫోన్లో చెప్పి, కుర్రాడి వైపు తిరిగాడు. ‘‘ట్రేల పెట్టి మూత బిగించు.’’

‘లాభం’ కొట్టేసి, ‘ఉత్తుత్తి లాభం: రెండు వైపులా కొలిచి సగటు తీసేదాకా కోయొద్దు’ అని రాసుకున్నాను.