వెలుగు వెనక పడి ముఖం నల్లగా వచ్చిన ఫోటో

చలికాలంలో ఇక్కడ దిగిన ఫోటోల్లో వెనక ఆకాశం మెరుస్తది, మనిషేమో బొగ్గు బొమ్మ లెక్క వస్తడు. ఫోన్ పాడైందనుకోకండి. డిసెంబర్ ఆఖర్లో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సుమారు 49 డిగ్రీల ఎత్తుకు వస్తడు. కొలోన్‌లో 16 డిగ్రీలే. అంటే పట్టపగలు కూడా పొద్దు మనిషి వెనక నిలబడొచ్చు. కెమెరా ఆ వెలుగును చూసి ఫోటో మొత్తం వెలుతురు తగ్గిస్తది, ముఖం చీకట్ల పడ్తది.

మా సైట్ల తమ్ముడొకడు ఆదివారం పొద్దున కొలోన్ డోమ్ ముందు ఫోటో దిగిండు. దాని పెద్ద తలుపులు పడమర దిక్కుకు ఉంటయి. పొద్దున సూర్యుడు చర్చి వెనకనే. ఫోటో ఇంటికి పంపితే వాళ్లమ్మ "గోపురాలు మంచిగున్నయి గానీ, నువ్వు బక్కగైనవో లావైనవో తెలుస్తలేదు బిడ్డా" అన్నదట. వాడు ఇంటికి పోయి రెండేళ్లు.

ఇద్దరం కూర్చొని Snapseedలో బాగుచేసినం. ఇది ఉచితమే. వాట్సాప్‌లో పంపిన కాపీ వద్దు, గ్యాలరీలో ఉన్న అసలు ఫోటో తీసుకోవాలె. వాట్సాప్ ఫోటోను కుదిస్తది, చీకట్లో ఉన్న వివరం ముందు పోయేది అక్కడే.

ముందు Tune Imageలో Brightness ముట్టకుండా Shadows ఒక్కటే +40 దాకా పెంచినం. Brightness పెంచితే ఆకాశం తెల్లగా అయి గోపురాల అంచులు పోతయి. Shadows నల్లటి చోట్లనే ఎక్కువ లేపుతది. అప్పుడు టోపీ వేరు, ముఖం వేరు కనబడ్డయి.

తర్వాత Selective తీసి చెంప మీద చుక్క పెట్టినం. రెండు వేళ్లతో గుండ్రాన్ని చిన్నగ చేస్తే ఎంత మేర పడుతుందో ఎర్రగా చూపిస్తది. ముఖం, మెడ రెండూ లోపలికి రావాలె. ఇక్కడ Brightness +25 చాలింది. ఎక్కువైతే ఎట్ల తెలుస్తది? చేతులు చూడండి. చేతి రంగు కంటే ముఖం బాగా తెల్లగుంటే ముసుగు వేసినట్టుంటది. తల చుట్టూ తెల్లటి మెరుపు వచ్చినా వెనక్కి తగ్గించాలె.

అన్ని ఫోటోలూ బాగుకావు. Shadows మొత్తం పెంచి చూడండి. కళ్లు, మీసం గీత కనబడితే పని అయితది. బూడిద రంగు మరకలు, రంగు రంగు చుక్కలే వస్తే కెమెరాకు అక్కడ ఏం దొరకలేదన్నట్టు. లేనిదాన్ని ఏ యాప్ తేలేదు.

తీసేటప్పుడే స్క్రీన్ మీద ముఖాన్ని ఒకసారి ముట్టండి, కెమెరా ముఖానికి తగ్గట్టు వెలుతురు పెంచుతది. ఆకాశం కొంచెం తెల్లబడ్డా పర్వాలేదు. డోమ్ ముందే కావాలంటే మధ్యాహ్నం రెండు దాటినంక పోండి. అప్పటికి పొద్దు నైరుతికి తిరిగి తలుపుల ముందు నిలబడ్డోళ్ల ముఖం మీద పడ్తది. నాలుగున్నరకల్లా పొద్దు గూకుతది, లేటు చేయకండి.