డ్రోన్ దృష్టిలో ఇల్లింకా రాలేదు!

"ఒరేయ్, ఆపండ్రా దాన్ని!" అని ల్యాబ్ అన్న అరిచేసరికే ఆలస్యమైపోయింది. మా కాళ్ల దగ్గర దిగాల్సిన డ్రోన్ మమ్మల్ని దాటేసి, వెనకున్న తలుపుకి కొట్టుకుంది. రెండు రెక్కలు విరిగాయి. డెమోకి నాలుగు రోజులే ఉంది.

అది మా ఫైనలియర్ ప్రాజెక్టు. కాలేజీ కారిడార్ చివరిదాకా డ్రోన్ తనంతట తానే వెళ్లి రావాలి. కాంక్రీటు కప్పు కింద జీపీఎస్‌ని నమ్మలేం. ఉన్నది ఒకే కెమెరా. నోటీసు బోర్డు మూల, కిటికీ చువ్వ లాంటి గుర్తులు ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ ఎంత జరిగాయో చూసి, తనెంత కదిలిందో అది లెక్కేసుకుంటుంది. దీన్నే విజువల్ ఒడోమెట్రీ అంటారు.

ఒక్క కెమెరాతో ఓ తిరకాసుంది. దగ్గరున్న బొమ్మ కారు, దూరంగా ఉన్న అసలు కారు ఫొటోలో ఒకే సైజులో పడొచ్చు. అందుకే దానికి దారి ఆకారం తెలుస్తుంది కానీ, పొడవు తెలియదు. ఇది మాకూ తెలుసు. డ్రోన్ అడుగున చిన్న లేజర్ సెన్సర్ పెట్టి, పైకి లేచేటప్పుడు ఎత్తు కొలిచి, కెమెరా లెక్కని మీటర్లలోకి మార్చాం. ఒకసారి చేస్తే చాలనుకున్నాం. అక్కడే దెబ్బయింది.

ఆ రాత్రి రికార్డు తెరిచాం. కారిడార్లో 60 సెంటీమీటర్ల టైల్స్ ముప్ఫై, అంటే 18 మీటర్లు. వెళ్లేటప్పుడు కెమెరా లెక్క 17.8. భేష్. తిరిగొస్తూ మా కాళ్ల దగ్గరకి చేరేసరికి మాత్రం 12.2! దాని దృష్టిలో ఇల్లింకా ఐదు మీటర్లకు పైగా దూరంలో ఉంది. పాపం, చెప్పినట్టే ముందుకెళ్లింది.

తేడా ఎక్కడ మొదలైందో చూస్తే, మలుపులో. చివర్లో డ్రోన్‌ని ఉన్నచోటే గిర్రున తిప్పాం. బస్సు కిటికీలోంచి చూస్తే పక్కనున్న స్తంభాలు రయ్యిన పోతాయి, దూరపు కొండ మెల్లగా కదులుతుంది. ఆ తేడాతోనే ఏది ఎంత దూరమో తెలిసేది. ఉన్నచోటే తిరిగితే దగ్గరవీ దూరానివీ ఒకేలా జరుగుతాయి. పాత గుర్తులన్నీ కనుమరుగై, కొత్తవాటి దూరం దాదాపు ఊహే అయింది. అక్కడినుంచి డ్రోన్ వేరే 'మీటరు'తో కొలిచింది.

మలుపు అయ్యాక అరమీటరు పైకి లేచి, మళ్లీ దిగమన్నాం. లేజర్ 50 సెంటీమీటర్లంటే, కెమెరా 34 అంది. ఆ నిష్పత్తితో 12.2ని సరిచేస్తే దాదాపు 18 వచ్చింది! ఇంకో పని కూడా చేశాం: చివరనున్న తెల్ల గోడకి పాత న్యూస్‌పేపర్లు అంటించాం. బోసి గోడ మీద కెమెరాకి పట్టుకోడానికి గుర్తులేం దొరకవు మరి.

డెమో రోజు డ్రోన్ పసుపు టేపు గుర్తుకి ఒక టైల్ ఇవతల దిగింది. సార్ మెచ్చుకోలేదు, తిట్టలేదు.

"అంతా బానే ఉందిగానీ, మధ్యలో ఆ గంతేంట్రా?" అన్నారు.