చాట్‌లో వచ్చిన విమర్శకు జవాబు రాసే వేళ

నెదర్లాండ్స్‌లోని సాఫ్ట్‌వేర్ సంస్థలలో పనిచేసే తెలుగువారు వారాంతపు భోజనాలకు ఒకచోట చేరినప్పుడు, ఇంటి అద్దెల మాట, వానల మాట అయిపోయిన తరువాత తప్పనిసరిగా వచ్చే ఫిర్యాదు ఒకటుంది. మేనేజరు చాట్‌లో పంపే విమర్శకు ముందు పలకరింపు ఉండదు, చివర ఊరడింపు ఉండదు, మధ్యలో మెత్తని మాట ఉండదు. చాట్ అంటే ఇక్కడ స్లాక్, టీమ్స్ వంటి కార్యాలయ సందేశ సాధనాలు. వాటిలో జట్టు మొత్తం చూసే గుంపు ఒకటి ఉంటుంది, విమర్శ తరచుగా ఆ గుంపులోనే పడుతుంది. తప్పు చెప్పినందుకు ఎవరికీ కోపం లేదు. నలుగురూ చూస్తుండగా, ఒక్క ‘దయచేసి’ కూడా లేకుండా చెప్పడమే మనసును కోస్తుంది.

ఈ పద్ధతి అక్కడి వారికి మొరటుతనంగా తోచదు. ఎరిన్ మేయర్ 2014లో వెలువరించిన ‘ది కల్చర్ మ్యాప్’ అనే పుస్తకంలో దేశాల వారీగా విమర్శ చెప్పే తీరును పోల్చుతూ రెండు రకాల మాటలను గుర్తించారు. ‘పూర్తిగా’, ‘ఖచ్చితంగా’ వంటివి విమర్శను పెంచుతాయి. ‘కాస్త’, ‘బహుశా’ వంటివి తగ్గిస్తాయి. నెదర్లాండ్స్ వారు మొదటి రకం మాటలను నిస్సంకోచంగా వాడేవారి వరుసలో ఉంటారు. ఇందులో మెచ్చుకోదగినది నిజంగానే ఉంది. అదే మేనేజరుకు ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రవాడు సమావేశంలో ‘ఈ డిజైన్ పనిచేయదు’ అని ముఖం మీద చెప్పగలడు, చెప్పినందుకు అతనికి ఏ కీడూ జరగదు, మధ్యాహ్నం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రొట్టె తింటారు. హైదరాబాదులోని ఎన్ని కార్యాలయాలలో ఆ స్వేచ్ఛ ఉందో ఆలోచించవలసినదే.

అయినా మన పద్ధతిని తక్కువ చేయడం న్యాయం కాదు. మన దగ్గర పై అధికారి నలుగురిలో కేకలు వేయడం లేదా అంటే, వేస్తాడు. కాని ఆ తిట్టుకు రెండో సగం ఉంటుంది. మధ్యాహ్నం అరిచిన మనిషే సాయంత్రం టీ దగ్గర పక్కకు వచ్చి నిలబడతాడు, ‘అమ్మగారి ఆరోగ్యం ఎలా ఉంది’ అని అడుగుతాడు, దానితో ఆ సంగతి ముగిసిందని ఇద్దరికీ తెలుస్తుంది. పరదేశంలో చాట్‌లో పడిన విమర్శకు ఆ రెండో సగం రాదు. రాసినవారి లెక్కలో రాసిన క్షణానే విషయం పూర్తయింది. చదివినవారు మాత్రం సాయంత్రం దాకా ఆ టీ కోసం ఎదురుచూసి, అది రాకపోయేసరికి కోపం ఇంకా మిగిలి ఉందని నిర్ణయించుకుంటారు.

దీని వెనుక ఇంకా పాత జ్ఞాపకం ఒకటుంది. ఇంటర్మీడియట్ రోజుల్లో విజయవాడ, హైదరాబాదు రెసిడెన్షియల్ కళాశాలలలో వారం వారం పరీక్షల మార్కులు నోటీసు బోర్డుకు ఎక్కేవి, తగ్గినవారిని లెక్చరరు తరగతిలో లేపి నిలబెట్టేవారు, సాయంత్రానికి ఇంటికి ఫోను వెళ్లేది. ఆ రోజుల్లో నలుగురిలో వచ్చిన విమర్శ అంటే దాని వెంట శిక్ష కూడా వస్తుందన్నమాట. ఆ బోర్డు ముందు నిలబడిన శరీరమే ఇప్పుడు ఐంధోవెన్‌లో కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. మేనేజరు మాట కనిపించగానే గుండె వేగం పెరుగుతుంది, వేళ్లు కీబోర్డు మీదికి వెళ్తాయి. ఆ క్షణంలో రాసే జవాబు ఎదుటనున్న మేనేజరు కంటే ఆనాటి లెక్చరరుకే ఎక్కువగా చెందుతుంది. అందువల్ల ఆ జవాబును కొంతసేపు ఆపడం అవసరం.

ఆపడానికి రెండో కారణం రాతలోనే ఉంది. జస్టిన్ క్రూగర్, ఆయన సహచరులు 2005లో ప్రచురించిన ఈమెయిల్ పరిశోధనలో, తమ వాక్యాలలోని వ్యంగ్యాన్ని, గాంభీర్యాన్ని చదివేవారు దాదాపు 78 శాతం సరిగ్గా గుర్తిస్తారని రాసినవారు అనుకున్నారు. చదివినవారు నిజంగా గుర్తించింది 56 శాతం మాత్రమే, అంటే బొమ్మా బొరుసా వేసి చెప్పినదానికంటే కొద్దిగా మేలు. క్రిస్టిన్ బైరన్ 2008లో రాసిన వ్యాసంలో, సంతోషంతో రాసిన సందేశాలు మామూలువిగానూ, మామూలువి కోపంతో రాసినవిగానూ చదివేవారికి తోచే అవకాశం ఉందని వాదించారు. గొంతు, ముఖం లేనిచోట ఆ లోటును చదివేవారి భయమే పూరిస్తుంది.

ప్రవాసికి ఆ భయం గాలిలోంచి పుట్టదు, నివాస అనుమతి అతని ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. నైపుణ్య వలసదారుగా వచ్చినవారు ఉద్యోగం కోల్పోతే, అనుమతి గడువు మిగిలి ఉన్నంతలో, మరొకటి వెతుక్కోవడానికి గరిష్ఠంగా 3 నెలలు ఇస్తారు. పిల్లల బడి, ఇంటి అప్పు అన్నీ ఆ 3 నెలల మీద నిలబడినట్టు తోచి, నాలుగు వాక్యాల సందేశం కూడా తొలగింపు ఉత్తరంలా కనిపిస్తుంది. వాస్తవం అంత తొందరపాటుది కాదు. 2 నెలలకు మించని ప్రొబేషన్ కాలం దాటి, శాశ్వత ఒప్పందం ఉన్న ఉద్యోగిని, అతను ఒప్పుకోకపోతే, పని బాగాలేదన్న కారణంతో తీసివేయాలంటే యజమాని న్యాయస్థానానికి వెళ్లాలి, లోపాన్ని ముందే తెలిపి సరిదిద్దుకునే అవకాశం ఇచ్చానని కాగితాలతో చూపాలి. నిర్ణీత కాలపు ఒప్పందానికి ఈ రక్షణ పూర్తిగా ఉండదు, గడువు తీరితే అది దానంతటదే ముగుస్తుంది. ఇందులోంచే జాగ్రత్త ఒకటి తేలుతుంది: అలా పోగుపడే కాగితాలలో మేనేజరు విమర్శే కాక ఉద్యోగి ఇచ్చిన జవాబు కూడా చేరగలదు. కంగారులో ‘తప్పంతా నాదే’ అని రాసిన వాక్యం రాసినవారు మరిచిపోయిన తరువాత కూడా అక్కడ నిలిచి ఉంటుంది.

ఒక ఉదాహరణను ఊహించి వివరంగా చూడవచ్చు. పాత డేటాబేస్‌లోని ఖాతాదారుల బిల్లులను కొత్తదానిలోకి మార్చే పనికి ఒక తెలుగు ఇంజనీరు ప్రణాళిక రాసి గుంపులో పెట్టారనుకుందాం. గురువారం మధ్యాహ్నం 3.50కి మేనేజరు సందేశం వస్తుంది: ‘ఈ ప్లాన్ సరిపోదు. రోల్‌బ్యాక్ లేదు. టెస్ట్ ఎందుకు చేయలేదు? ఇంత అనుభవం ఉన్నవారి నుంచి ఇది ఊహించలేదు.’ రోల్‌బ్యాక్ అంటే మార్పు మధ్యలో చెడితే డేటాను పూర్వస్థితికి తెచ్చే పద్ధతి.

మొదట మనసులో మెదిలే జవాబులు రెండు. మొదటిది సంజాయిషీ: అవసరాలు ఆలస్యంగా చెప్పారు, సహోద్యోగి సెలవులో ఉన్నాడు, టెస్ట్ చేశాం, మీరే చూడలేదు. ఇందులో ప్రతి మాటా నిజమే కావచ్చు, కాని మేనేజరు అడిగిన రోల్‌బ్యాక్ ఇందులో ఎక్కడా లేదు కనుక ఆయన దీనిని తప్పించుకోవడంగానే చదువుతారు. రెండోది మన పెంపకం నేర్పిన లొంగుబాటు: క్షమించండి, పొరపాటు నాదే, వెంటనే సరిచేస్తాను. ఇది వినయంగా కనిపించినా మొదటిదానికంటే ఎక్కువ హాని చేస్తుంది, ఎందుకంటే జరిగిన టెస్టును జరగలేదని ఒప్పుకున్నట్టవుతుంది.

తగిన మార్గం, 4 గంటలకల్లా రెండు చిన్న వాక్యాలు పంపడం: ‘చూశాను. ప్లాన్‌ను మళ్లీ చదివి 5 గంటలకు జవాబిస్తాను.’ పూర్తిగా మౌనంగా ఉంటే అలిగినట్టో దాక్కున్నట్టో అర్థం చేసుకుంటారు. గడువు చెప్పిన మౌనాన్ని ఎవరూ తప్పుపట్టరు. ఆ గంటలో జవాబును చాట్ పెట్టెలో రాయకూడదు, ఎంటర్ మీట మీద వేలు పడితే సగం వాక్యమే వెళ్లిపోతుంది, తరువాత దిద్దినా తొలి రూపాన్ని అందరూ ఫోనులో చదివే ఉంటారు. వేరే కాగితం మీదనో నోట్‌ప్యాడ్‌లోనో మేనేజరు సందేశాన్ని వాక్యాలుగా విడదీసి, ఒక్కొక్కదాని పక్కన అది నిజమో, పొరపాటో, లేక కేవలం అభిప్రాయమో రాసుకోవాలి. రోల్‌బ్యాక్ గురించి ప్లాన్‌లో ఒకే వాక్యం ఉంది కనుక ఆ విమర్శ నిజం. టెస్ట్ మంగళవారమే జరిగింది, ఫలితాలు టికెట్‌లో ఉన్నాయి కనుక రెండోది పొరపాటు, కాని ఆ లింకును ప్లాన్‌లో చేర్చలేదు కనుక పొరపాటుకు కారణం ఉంది. అనుభవం గురించిన మాట అభిప్రాయం. ఇలా విడదీసేసరికి నాలుగు వాక్యాల దాడి ఒక నిజమైన పనిగా, ఒక లింకుగా తగ్గిపోతుంది; వేచి ఉండటం వల్ల కలిగే ప్రయోజనం ఇక్కడే ఉంది, ఊరికే గడియారం వైపు చూస్తూ కూర్చుంటే కోపం గట్టిపడుతుందే గాని తగ్గదు.

5 గంటలకు వెళ్లవలసిన జవాబు ఇలా ఉండవచ్చు: ‘రోల్‌బ్యాక్ విషయంలో మీరు చెప్పింది సరైనది, ప్లాన్‌లో ఉన్న ఒక్క వాక్యం చాలదు. దశలవారీగా రాసి రేపు 12 గంటలకు ఇక్కడ పెడతాను. టెస్ట్ మంగళవారం జరిగింది, ఫలితాల లింకు కింద ఉంది. ప్లాన్‌లో చేర్చనందున కనిపించలేదు, ఇప్పుడు చేర్చాను. సోమవారం మొదలుపెట్టాలా వద్దా అన్నది రోల్‌బ్యాక్ చూశాక మీరు చెప్పగలరా?’ నిజమైన లోపాన్ని దాని కొలతకే ఒప్పుకోవడం, పొరపాటును ఆధారంతో సరిచేయడం, తరువాతి పనికి వేళ చెప్పడం ఇందులో ఉన్నాయి. అనుభవం గురించిన వాక్యానికి జవాబు లేదు, గుంపులో ఉండకూడదు కూడా, ఎందుకంటే అక్కడ దానిని ముట్టుకుంటే మిగిలినవన్నీ పక్కకు పోయి జట్టంతా ఆ ఒక్క వాక్యాన్నే చూస్తుంది.

ఆ వాక్యం చోటు మేనేజరుతో జరిగే ముఖాముఖి సమావేశం. అక్కడ ‘గురువారం నా అనుభవం గురించి మీరు రాసినది నా పని మీద మొత్తం అభిప్రాయమా, ఆ ప్లాన్ వరకేనా’ అని నిదానంగా అడగవచ్చు, గుంపులో కాక తనకు నేరుగా చెప్పమని కూడా కోరవచ్చు. సూటిగా మాట్లాడేవారితో ఉన్న గొప్ప సౌలభ్యం ఇది: సూటిగా అడిగినందుకు సాధారణంగా నొచ్చుకోరు, ఆ ప్లాన్ వరకేనని చెప్పి, నిజంగానే ఆశ్చర్యపడేవారు చాలామంది ఉంటారు. అది రాలేదనుకున్న టీయే, ఒక వారం ఆలస్యంగా, అడిగినందుకు వచ్చింది.

వేచి ఉండటం అన్నివేళలా సరికాదు. వ్యవస్థ ఆగిపోయి ఖాతాదారులు ఇబ్బంది పడుతున్నప్పుడు మాట తీరును పక్కన పెట్టి, ఏం జరిగిందో, ఎవరు చూస్తున్నారో, తదుపరి సమాచారం ఎప్పుడో వెంటనే రాయాలి. అలాగే ప్రతి కటువు మాటనూ సంస్కృతి తేడా కింద జమకట్టడం కూడా పొరపాటే, ప్రవాసులు భయం వల్ల ఈ పొరపాటు ఎక్కువగా చేస్తారు. సూటి మేనేజరు అందరితోనూ అలాగే రాస్తారు, పని గురించి రాస్తారు, ఎదురు చెబితే వింటారు. విమర్శ ఒక్కరి మీదికే వస్తూ, పనిని వదిలి మనిషినో ఉచ్చారణనో పుట్టిన దేశాన్నో తాకుతూ ఉంటే అది వేరే విషయం. అప్పుడు సందేశాలను తేదీలతో సహా భద్రపరచుకుని, నెదర్లాండ్స్‌లోని అనేక సంస్థలలో ఇటువంటి ఫిర్యాదులు రహస్యంగా వినడానికే నియమితులైన సలహాదారును కలవాలి. ఆయన మేనేజరు కింద పనిచేయరు, ఉద్యోగి అనుమతి లేకుండా సాధారణంగా ఆ మాటను ముందుకు తీసుకుపోరు.