నచ్చని కానుకకు కృతజ్ఞత: అబద్ధం ఎక్కడ మొదలవుతుంది?

జీఎస్-4 పేపర్ కోసం కాంట్‌ని చదివినవాళ్లకి ఆయన అబద్ధాన్ని ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోడని తెలుసు. మన నోట్సుల్లో సాధారణంగా కనిపించని సంగతి ఇంకొకటి ఉంది. 1797లో వచ్చిన నీతిశాస్త్ర గ్రంథంలోనే ఆయన రెండు చిన్న ప్రశ్నలు వేసి వదిలేశాడు. ఉత్తరం చివర 'మీ విధేయుడు' అని రాయడం అబద్ధమా? దానివల్ల ఎవరూ మోసపోరు కదా అంటాడు. రెండోది, ఒక రచయిత తన పుస్తకం ఎలా ఉందని అడిగితే ఏం చెప్పాలి? మాట తప్పించే చమత్కారం అందరికీ వెంటనే తట్టదు. కాస్త తడబడినా రచయిత నొచ్చుకుంటాడు. దీనికి ఆయన జవాబు ఇవ్వలేదు.

నచ్చని కానుక అందుకున్నప్పుడు మన ఇబ్బంది సరిగ్గా ఈ రెండు ప్రశ్నల మధ్యే ఉంటుంది. 'థాంక్స్' అనడం మొదటి రకం. 'నచ్చిందా?' అని ఎదుటివాళ్లు అడగ్గానే రెండో రకంలోకి వచ్చేస్తాం.

మా మేనమామ రాజమండ్రిలో సైకిల్ రిపేరు షాపు నడుపుతాడు. నేను బీటెక్ అయ్యాక ఉద్యోగంలో చేరకుండా ప్రిలిమ్స్ రాస్తానంటే ఇంట్లో నా వైపు మాట్లాడింది ఆయనొక్కడే. రెండుసార్లు పోయాక కూడా ఆయన మాట మారలేదు. ఈ సంక్రాంతికి నాకు చేతి గడియారం కొన్నాడు. బంగారు రంగు, పెద్ద డయల్, అంకెల చోట మెరిసే రాళ్లు. నేను చేతికి దారం కూడా కట్టుకోని మనిషిని. పెట్టె తెరవగానే అది నాది కాదని తెలిసిపోయింది.

ఇక్కడ నోటికి మూడు రకాల మాటలు వస్తాయి. 'అదిరిపోయింది మామయ్యా' అన్నది సూటి అబద్ధం. 'ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు' అన్నది అక్షరాలా నిజమే, కానీ ఆయన దాన్ని మెప్పుగా తీసుకోవాలనే అంటాం. అశ్వత్థామ విషయంలో ధర్మరాజు మాట ఇలాంటిదే, ఏనుగు చచ్చిన మాట నిజమైనా ద్రోణుడు మోసపోయాడు. నా లెక్కలో వీటికంటే చెడ్డది మూడోది: 'రోజూ పెట్టుకుంటాను.' మెప్పుదల ఆ పూటకి చెల్లిపోతుంది. మాట ఇస్తే మాత్రం వచ్చే పండక్కి ఖాళీ చెయ్యి చూసి 'వాచీ ఏదిరా?' అంటారు. అప్పుడు రెండో అబద్ధం కావాలి.

నాకు ఇంకో లెక్క కూడా ఉంది. ఏటా పరీక్ష రాసి రాగానే మామయ్య ఫోన్ చేసి 'ఎలా రాశావు?' అంటాడు. నేను చెప్పిందే నమ్మి మిగతావాళ్లతో వాదిస్తాడు. ఆయన ముఖం చూసి ఈరోజు తియ్యగా మాట్లాడితే, ఆ ఫోన్‌లో నా మాటకి విలువేం ఉంటుంది?

అందుకే ముందు వస్తువుని వదిలేసి, ఆయన చేసిన పని ఏమిటని చూశాను. హాల్లోకి స్మార్ట్ వాచీ రానివ్వరు, మామూలు ముల్లుల గడియారం రానిస్తారు. రెండు గంటల్లో 100 ప్రశ్నలు చెయ్యాలి. టైము తెలియక కంగారు పడ్డానని నేను ఎప్పుడో అన్న మాట ఆయన గుర్తుపెట్టుకున్నాడు. కృతజ్ఞత చెప్పడానికి అంతకన్నా నిజం ఏం కావాలి? "నేను అన్న చిన్న మాట ఇన్నాళ్లు మనసులో పెట్టుకున్నావు మామయ్యా. పరీక్ష రోజు ఇదే పెట్టుకెళ్తాను" అన్నాను. ఒక్కరోజుకే మాట ఇచ్చాను, ఎందుకంటే అంతే నిలబెట్టుకోగలను.

చాలాసార్లు ఇంతటితో సరిపోతుంది. అడగని అభిప్రాయం చెప్పక్కర్లేదు, అది దాపరికం కాదు. కానీ ఆయన అడిగాడు.

"రంగు నచ్చిందా అల్లుడూ?"

"రంగు నా రకం కాదు మామయ్యా, మెరిసేవి పెట్టుకుంటే నాకు మొహమాటం. కానీ అంకెలు దూరం నుంచే కనిపిస్తున్నాయి, హాల్లో అది బాగా పనికొస్తుంది."

ఇందులో వరస ముఖ్యం. ముందు పొగిడి తర్వాత 'కానీ' అంటే వినేవాళ్లకి ఆ 'కానీ' తర్వాతదే మిగులుతుంది. ఇంకొకటి, 'బాలేదు' అంటే తప్పు కొన్నవాళ్లది అవుతుంది, 'నా రకం కాదు' అంటే విషయం నా అలవాటు దగ్గర ఆగుతుంది.

మామయ్య ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. కాదని చెప్పను. ఆ క్షణాన్ని పూర్తిగా తప్పించే మాట ఏదైనా ఉందేమోనని తర్వాత చాలా వెతికాను, దొరకలేదు. చిన్నపిల్లాడు తను చేసిన బొమ్మ ఇచ్చి అడిగితే ఇంత చెప్పేవాణ్ణి కాదు. వాడు అడిగేది వస్తువు గురించి కాదు, తన గురించి.

ఆయన గడియారం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "షాపువాడు నల్లదే చూపించాడు. మీ అత్త కూడా అదే తియ్యమంది" అన్నాడు. తర్వాత స్క్రూడ్రైవర్ తెచ్చి, నా మణికట్టుకి వదులుగా ఉందని చెయిన్‌లో రెండు లింకులు తీసేశాడు.