చెమర్చిన గోడ

2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా నుండి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు ఏర్పడేనాటికే నేను పదవీ విరమణ చేశాను. అయినా టీకాల నిల్వ అంటే పాత మమకారం వదలలేదు. ఒక వానాకాలం, ఆ ప్రాంతపు ఒక కేంద్రంలో పనిచేసే నా పూర్వ శిష్యుడు తమ శీతల గదిని చూసి వెళ్ళమని పిలిచాడు.

కంప్రెసర్ విరామం లేకుండా తిరుగుతూనే ఉంది. రాగి గొట్టం లోనికి వెళ్ళే చోట గోడ బయటివైపు చెమర్చి ఉంది. వేలి కణుపుతో తట్టి చూస్తే మిగిలిన గోడ తేలికగా పలికింది, అక్కడ మాత్రం మొద్దుగా వినిపించింది. గొట్టం చుట్టూ ఉన్న సందును లోపలివైపు మాత్రమే పూడ్చారట!

తేమ ఎప్పుడూ వెచ్చని వైపు నుండి చల్లని వైపునకు ప్రయాణిస్తుంది. వానాకాలపు గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే, సుమారు 26 డిగ్రీలకంటే చల్లగా ఉన్న దేనిమీదనైనా అది నీరవుతుంది. సందులోంచి చొరబడిన ఆవిరి పఫ్ నురుగులోనే నీరైంది. ఇరుపక్కలా రేకు ఉన్నందున ఆ నీటికి ఆరే దారి లేదు. నీరు పఫ్ కంటే ఇరవై రెట్లకు పైగా వేడిని ప్రసరింపజేస్తుంది. అందుచేత ఆవిరి నిరోధక పొర వెచ్చని వైపున, అంటే బయట, తెగకుండా ఉండాలి. తడిసిన పలకను మార్చవలసిందే.

నేల సంగతి మరింత విచారకరం. గుమ్మం వద్ద మెట్టు వస్తుందని నేలకు పఫ్ వేయలేదు. మన నేల లోతున ఏడాది పొడవునా దాదాపు 28 డిగ్రీలు ఉంటుంది. పన్నెండు చదరపు మీటర్ల నేలకు ఎనిమిది సెంటీమీటర్ల పఫ్ ఉంటే లోపలికి వచ్చే వేడి సుమారు 85 వాట్లు, ఒక పాత బల్బు పాటి. వట్టి కాంక్రీటు మీద అది ఎన్నో రెట్లు.

గది చల్లబడడం లేదని ఎవరో థర్మోస్టాట్‌ను తగ్గించారు. నాకు భయం వేసింది అక్కడే. తలుపు వద్ద 7 డిగ్రీలున్నా, చల్లగాలి వెలువడే చోటి అరలో సున్నాకు దిగవచ్చు. హెపటైటిస్-బి, పెంటావాలెంట్ టీకాలు గడ్డకడితే చెడిపోతాయి. కరిగించినా తిరిగి పనికిరావు. వేడి సోకుతుందని జంకినవారు చలికి బలిచేస్తారు.

టీకాలను ఐఎల్ఆర్ పెట్టెలకు తరలించి పని మొదలుపెట్టారు. నేలకు వెచ్చని వైపు అడుగునే కదా! ముందుగా మందపాటి పాలిథీన్ పరచి, అతుకులను ఒకదానిమీదొకటి వచ్చేలా అంటించి, అంచులను గోడల దాకా పైకి మడిచారు. దానిపై అతుకులు కలవకుండా రెండు వరుసల పఫ్, ఆపై మరో పొర, చివర కాంక్రీటు. గొట్టం సందును నురుగుతో నింపి, బయటివైపున సీలెంట్‌తో మూసివేశారు.

నెల గడిచాక వెళ్ళేసరికి కంప్రెసర్ ఆగి ఉంది. చెడిపోయిందేమోనని ఒక్క క్షణం ఉలిక్కిపడ్డాను. అది విశ్రాంతి తీసుకుంటున్నదట! ఇక తలుపు ఊరికే తీసే అలవాటుకు మాత్రం ఏ పఫ్ మందు కాదు.