కొత్త ఓటరు, నాన్న కరెంటు బిల్లు

మా అమ్మాయికి ఆగస్టులో పద్దెనిమిది నిండాయి. ఓటు కోసం voters.eci.gov.in తెరిచి, నేరుగా ఫారం 8 నొక్కబోయింది. "అది ఇప్పటికే ఓటున్నవాళ్లు అడ్రసు మార్చుకోడానికీ, తప్పులు దిద్దుకోడానికీ తల్లీ. కొత్తవాళ్లకి ఫారం 6" అన్నాను.

వయసుకి పదో తరగతి సర్టిఫికెట్ పెట్టింది. అడ్రసు దగ్గర ఆగిపోయింది. "నా పేరున ఒక్క బిల్లూ లేదు నాన్నా!"

ఇదే ఇంటి అడ్రసుతో నాకు ఓటుంది కాబట్టి నా పేరునున్న కరెంటు బిల్లు చెల్లుతుంది. బిల్లులో ఉన్న డోర్ నంబరే ఫారంలోనూ రాయించాను.

ఇంకో సంగతి. జనవరి దాకా ఆగక్కర్లేదు. అర్హత తేదీలు ఇప్పుడు ఏడాదికి నాలుగు: జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు 1. మా అమ్మాయికి అక్టోబరు వర్తిస్తుంది. పదిహేడు నిండినవాళ్లు ముందే అప్లై చేసుకోవచ్చు.

రిఫరెన్స్ నంబరు రాసిపెట్టుకున్నాం. ఇక బీఎల్‌వో రావాలి.